మ్యాట్రిక్స్ కొంచెం మారితే ఐగెన్‌వాల్యూ ఎంత కదులుతుందో, మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టకుండా తేల్చడం ఎలా

మీ దగ్గర ఒక సిమెట్రిక్ మ్యాట్రిక్స్ A ఉంది, దాని ఐగెన్‌వాల్యూలు, ఐగెన్‌వెక్టర్లు అన్నీ కట్టేసి పెట్టుకున్నారు అనుకోండి. ఇంతలో అందులో ఒకట్రెండు ఎంట్రీలు కొంచెం మారాయి, అంటే ఇప్పుడు మీ మ్యాట్రిక్స్ A కాదు, A + E, ఇక్కడ E అనేది ఆ చిన్న మార్పు మొత్తాన్ని పట్టుకున్న మ్యాట్రిక్స్. కొత్త ఐగెన్‌వాల్యూ ఎంత? మళ్లీ డిటర్మినెంట్ వేసి క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ రాసి దాన్ని సాల్వ్ చేస్తూ కూర్చోనక్కర్లేదు, పాత ఐగెన్‌వెక్టర్ ఒక్కటి చేతిలో ఉంటే చాలు, రెండు లైన్లలో చాలా దగ్గరి జవాబు వచ్చేస్తుంది. పాత ఐగెన్‌వాల్యూ λ, దాని ఐగెన్‌వెక్టర్ v అయితే సూత్రం ఇది:

```
λ_కొత్త ≈ λ + (vᵀ E v) / (vᵀ v)
```

సూత్రం బట్టీ పట్టడం ఒక నిమిషం పని. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ మనల్ని నిలువునా ముంచేస్తుంది అన్నదే అసలు విషయం, అందుకే ఒకటే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చేద్దాం.

ముందు సూత్రం ఎలా వచ్చిందో ఒకసారి చూడండి

ఇది స్కిప్ చెయ్యకండి ప్లీజ్, ఎందుకంటే ఇందులోనే సిమెట్రిక్ అన్న మాట ఎందుకు అవసరమో ఉంది. మ్యాట్రిక్స్ మారితే ఐగెన్‌వాల్యూ ఒక్కటే మారదు, ఐగెన్‌వెక్టర్ కూడా మారుతుంది కదా. ఐగెన్‌వాల్యూలో మార్పుని m అందాం, ఐగెన్‌వెక్టర్‌లో మార్పుని d అందాం. అప్పుడు కొత్త మ్యాట్రిక్స్‌కి ఇలా ఉండాలి:

```
(A + E)(v + d) = (λ + m)(v + d)
Av + Ad + Ev + Ed = λv + λd + mv + md
```

Av, λv రెండూ సమానం కాబట్టి రెండు వైపులా కొట్టేయండి. Ed లోనూ md లోనూ చిన్నదాన్ని ఇంకో చిన్నదానితో గుణించాం, మార్పు 0.01 సైజులో ఉంటే ఇవి 0.0001 సైజులో ఉంటాయి, కాబట్టి వదిలేస్తాం, ఫస్ట్ ఆర్డర్ అంటే అర్థం ఇదే. మిగిలింది:

```
Ad + Ev = λd + mv
```

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, నేనూ మొదటిసారి చదివినప్పుడు ఇక్కడే ఆగాను, ఎందుకంటే మనకి కావాల్సింది m, కానీ d కూడా తెలియదు, తెలియనివి రెండు అయిపోయాయి. ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే, రెండు వైపులా ఎడమ పక్క నుంచి vᵀ తో గుణించండి:

```
vᵀAd + vᵀEv = λ vᵀd + m vᵀv
```

A సిమెట్రిక్ కాబట్టి vᵀA అంటే (Av)ᵀ, అంటే λvᵀ. అంటే ఎడమ వైపు మొదటి పదం λvᵀd అయింది, కుడి వైపు కూడా అదే ఉంది, రెండూ కొట్టుకుపోయాయి! d మొత్తం మాయం. ఐగెన్‌వెక్టర్ ఎటు తిరిగినా ఎంత తిరిగినా ఫస్ట్ ఆర్డర్‌లో మనకి పట్టదు. మిగిలింది vᵀEv = m vᵀv, అదే పైన రాసిన సూత్రం. A సిమెట్రిక్ కాకపోతే ఈ కొట్టివేత జరగదు, అప్పుడు ఎడమ ఐగెన్‌వెక్టర్ అని ఇంకోటి విడిగా కట్టాల్సి వస్తుంది, vᵀEv పెడితే తప్పు జవాబు వస్తుంది. కాబట్టి పెన్ను పెట్టేముందు A సిమెట్రిక్ అవునో కాదో చూసుకోండి.

ఉదాహరణ మ్యాట్రిక్స్

```
A = [  2  -1   0 ]
    [ -1   2  -1 ]
    [  0  -1   2 ]
```

దీన్ని ఇలా ఊహించుకోండి. రెండు గోడల మధ్య మూడు ఒకే బరువున్న దిమ్మెలు వరసగా స్ప్రింగులతో కట్టి ఉన్నాయి, మొత్తం నాలుగు స్ప్రింగులు, ఒక్కో దిమ్మె బరువూ ఒక్కో స్ప్రింగు గట్టిదనమూ 1 అనుకోండి. అప్పుడు ఈ మ్యాట్రిక్స్ ఆ స్ప్రింగుల లెక్క, ఐగెన్‌వాల్యూలు ఆ సిస్టమ్ ఊగే ఫ్రీక్వెన్సీల స్క్వేర్లు, ఐగెన్‌వెక్టర్లు ఏ దిమ్మె ఎటు ఎంత ఊగుతుందో చెప్పేవి. ఈ బొమ్మ మనసులో పెట్టుకుంటే కింద వచ్చే అంకెలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఐగెన్‌వాల్యూలు 2 − √2, 2, 2 + √2, అంటే 0.58579, 2, 3.41421. వాటి వెక్టర్లు వరసగా:

```
v1 = (1,  √2,  1)     పొడవు స్క్వేర్ = 4
v2 = (1,   0, -1)     పొడవు స్క్వేర్ = 2
v3 = (1, -√2,  1)     పొడవు స్క్వేర్ = 4
```

మొదటి దాంట్లో మూడూ ఒకే వైపు ఊగుతాయి, మధ్యది ఎక్కువగా. రెండో దాంట్లో చివరివి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఊగుతాయి, మధ్యది అసలు కదలదు. మూడో దాంట్లో మధ్యది ఒక వైపు, మిగతా రెండూ ఇంకో వైపు.

స్టెప్ 1: E రాసుకోండి, మారిన చోట తప్ప అన్నీ సున్నాలు

మధ్య దిమ్మెకి ఇంకో చిన్న స్ప్రింగు తగిలించి దాని రెండో చివర కదలని చోట కట్టాం అనుకుందాం, గట్టిదనం 0.1. అప్పుడు మ్యాట్రిక్స్‌లో మధ్య డయాగనల్ ఎంట్రీ 2 నుంచి 2.1 అవుతుంది, వేరే ఏదీ మారదు. E లో మధ్య ఎంట్రీ 0.1, మిగతా ఎనిమిది సున్నాలు.

స్టెప్ 2: vᵀEv లెక్క కట్టండి

E లో ఒకటే ఎంట్రీ ఉంది కాబట్టి మ్యాట్రిక్స్ గుణకారం అంతా అక్కర్లేదు, 0.1 ని వెక్టర్ మధ్య కాంపొనెంట్ స్క్వేర్‌తో గుణిస్తే అయిపోయింది. v1 కి 0.1 × 2 = 0.2. v2 కి 0.1 × 0 = 0. v3 కి మైనస్ స్క్వేర్‌లో పోతుంది కాబట్టి మళ్లీ 0.2.

స్టెప్ 3: పొడవు స్క్వేర్‌తో భాగించండి

v1 కి 0.2 / 4 = 0.05, v2 కి సున్నా, v3 కి 0.05. నేను ఎన్నిసార్లు మర్చిపోయానో లెక్కలేని స్టెప్ ఇదే. పుస్తకాల్లో సూత్రం మామూలుగా vᵀEv అని మాత్రమే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు ముందే వెక్టర్ పొడవు 1 చేసేసి ఉంటారు, మనం చేత్తో చేసేటప్పుడు (1, √2, 1) లాంటి అందమైన రూపంలో ఉంచుకుని అదే సూత్రం వాడేస్తాం, జవాబు నాలుగు రెట్లు ఎక్కువొస్తుంది. ఒకసారి ఒక పెద్ద మ్యాట్రిక్స్ మీద ఇదే తప్పు చేసి రెండు రోజులు E లో తప్పుందేమో అని వెతికాను, తప్పు E లో లేదు, కింద భాగించాల్సిన vᵀv లేకపోవడమే.

కాబట్టి కొత్త ఐగెన్‌వాల్యూలు 0.63579, 2, 3.46421 అని మన అంచనా. అసలు జవాబులు ఈ మ్యాట్రిక్స్‌కి చేత్తోనే వస్తాయి: 2.05 − √2.0025, 2, 2.05 + √2.0025, అంటే 0.63490, 2, 3.46510. తేడా రెండు చోట్లా 0.0009 కంటే తక్కువ, మధ్యదానికి తేడానే లేదు.

మధ్యది ఎందుకు కదల్లేదో ఆ దిమ్మెల బొమ్మలో చూడండి. ఆ ఊపులో మధ్య దిమ్మె నిలబడే ఉంటుంది, నిలబడ్డ దానికి ఎంత గట్టి స్ప్రింగు తగిలించినా అది సాగదు, సాగకపోతే ఆ ఊపుకి తేడా ఏం తెలుస్తుంది? అంటే ఐగెన్‌వెక్టర్‌ని చూస్తేనే ఏ ఎంట్రీ మారితే ఈ ఐగెన్‌వాల్యూకి ఎంత దెబ్బ తగులుతుందో తెలిసిపోతుంది. పొడవు 1 చేసిన వెక్టర్‌లో i వ కాంపొనెంట్ స్క్వేర్, అదే i వ డయాగనల్ ఎంట్రీకి ఆ ఐగెన్‌వాల్యూ సెన్సిటివిటీ. v1 కి అవి 0.25, 0.5, 0.25. అంటే దీన్ని పైకి జరపాలంటే మధ్య ఎంట్రీ మీద చెయ్యి వెయ్యాలి, చివర వేస్తే అదే ఖర్చుకి సగమే కదులుతుంది. నాకు ఈ సూత్రంలో బాగా నచ్చేది ఇదే, ఒక్క మార్పుకి జవాబు రావడం కాదు, అన్ని మార్పులకీ జవాబు ఆ వెక్టర్‌లో ముందే రాసి ఉండడం.

డయాగనల్ బయట మారితే

ఇప్పుడు E మార్చేద్దాం. ఒకటో వరస రెండో కాలమ్‌లో −1 ఉంది కదా, అది −0.9 అయింది అనుకోండి. సిమెట్రిక్ ఉండాలి కాబట్టి రెండో వరస ఒకటో కాలమ్ కూడా −0.9 అవుతుంది, అంటే E లో 0.1 రెండు చోట్ల ఉంది. vᵀEv లో ఆ రెండూ వస్తాయి కాబట్టి 2 × 0.1 × (మొదటి కాంపొనెంట్) × (రెండో కాంపొనెంట్). ఆ 2 ని వదిలేస్తే జవాబు సగమే వస్తుంది.

v1 కి 2 × 0.1 × 1 × √2 = 0.28284, నాలుగుతో భాగిస్తే 0.07071. v2 కి సున్నా. v3 లో రెండు కాంపొనెంట్లకి గుర్తులు వేరు కాబట్టి −0.07071. అసలు జవాబు ఈ మ్యాట్రిక్స్‌కి 2 ± √1.81, అంటే మొదటిది 0.65464, పాతదాని కంటే 0.06885 ఎక్కువ. మన అంచనా 0.07071. బాగానే ఉంది. గుర్తు కూడా చూడండి, ఒకే మార్పు ఒక ఐగెన్‌వాల్యూని పైకి తోసింది, ఇంకోదాన్ని కిందకి లాగింది.

స్టెప్ 4: వచ్చిన జవాబుని మూడు రకాలుగా పట్టి చూడండి

మొదటిది ట్రేస్. ఐగెన్‌వాల్యూల మొత్తం ట్రేస్‌కి సమానం కాబట్టి మార్పుల మొత్తం E ట్రేస్‌కి సమానం కావాలి. మొదటి కేసులో 0.05 + 0 + 0.05 = 0.1, E ట్రేస్ 0.1, ఓకే. రెండో కేసులో 0.07071 + 0 − 0.07071 = 0, E డయాగనల్ అంతా సున్నా, ఓకే. పొడవుతో భాగించడం మర్చిపోతే మొదటి కేసులో ఇక్కడే దొరికిపోతారు, మొత్తం 0.4 వస్తుంది.

రెండోది ఎటువైపు తప్పాలో ముందే తెలియడం. ఇది చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం ఆగి చెప్తాను. మన అంచనా λ + vᵀEv ని విప్పితే అది vᵀ(A + E)v, పొడవు 1 ఉన్న వెక్టర్‌తో. అంటే కొత్త మ్యాట్రిక్స్‌కి పాత వెక్టర్ పెట్టి తీసిన రేలీ కోషెంట్. ఏ సిమెట్రిక్ మ్యాట్రిక్స్‌కైనా ఏ వెక్టర్ పెట్టినా రేలీ కోషెంట్ అతి చిన్న ఐగెన్‌వాల్యూకి కిందకి పోదు, అతి పెద్దదానికి పైకి పోదు. కాబట్టి అతి చిన్న ఐగెన్‌వాల్యూకి మన అంచనా ఎప్పుడూ అసలు దానికంటే ఎక్కువ లేదా సమానం, అతి పెద్దదానికి ఎప్పుడూ తక్కువ లేదా సమానం. పైన చూడండి, చిన్నదానికి అంచనా 0.63579, అసలు 0.63490. పెద్దదానికి అంచనా 3.46421, అసలు 3.46510. E ఎంత పెద్దదైనా ఇది మారదు, దీనికి మార్పు చిన్నది కావాలన్న షరతు కూడా లేదు. మీ అంకెలు దీనికి ఎదురు వస్తే రెండో మాట లేదు, లెక్కలో తప్పుంది.

మూడోది సగం చేసి చూడడం. E ని సగం చెయ్యండి, 0.1 బదులు 0.05. సూత్రం కరెక్ట్‌గా వేస్తే తప్పు సగం కాకూడదు, నాలుగో వంతు కావాలి, ఎందుకంటే మనం వదిలేసింది చిన్నది ఇంటూ చిన్నది. ఇక్కడ 0.1 కి తప్పు 0.00088, 0.05 కి 0.00022, కరెక్ట్‌గా నాలుగో వంతు. మీకు తప్పు సగమే తగ్గుతుంటే ఫస్ట్ ఆర్డర్ పదమే తప్పు వేశారని అర్థం, ఆ మర్చిపోయిన 2 అయినా అయ్యుండాలి, పొడవు అయినా అయ్యుండాలి.

కంప్యూటర్‌లో అయితే నంపైలో ఇంతే:

```python
import numpy as np
A = np.array([[2.,-1,0],[-1,2,-1],[0,-1,2]])
E = np.zeros((3,3)); E[1,1] = 0.1
w, V = np.linalg.eigh(A)
print(w + np.diag(V.T @ E @ V))
print(np.linalg.eigvalsh(A + E))
```

`eigh` ఇచ్చే వెక్టర్ల పొడవు ముందే 1 కాబట్టి భాగించే పని లేదు. కానీ ఇక్కడ రెండు గుంటలున్నాయి. ఒకటి, వెక్టర్లు V కాలమ్స్‌లో ఉంటాయి, వరసల్లో కాదు, అంటే `V[:,0]` రాయాలి, `V[0]` కాదు. విచిత్రం ఏంటంటే మన ఉదాహరణలో వరసలు తీసుకున్నా గుర్తులు పక్కన పెడితే అవే అంకెలు వస్తాయి, కాబట్టి ఈ తప్పు ఇక్కడ బయటపడదు, మీ అసలు మ్యాట్రిక్స్‌లో బయటపడుతుంది. ఇంకోటి, డయాగనల్ బయట మార్పు పెట్టేటప్పుడు `E[0,1] = 0.1` అని ఒక వైపే రాసి `E[1,0]` మర్చిపోతే, `eigvalsh` మామూలుగా కింది త్రిభుజం మాత్రమే చదువుతుంది కాబట్టి మీ మార్పుని అది అసలు చూడనే చూడదు, పాత ఐగెన్‌వాల్యూలే ఇస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అంచనా ఏమో సగం మార్పు చూపిస్తుంది. ఆ రెండూ పక్కపక్కన చూసి సూత్రమే తప్పు అనుకునే ప్రమాదం ఉంది.

స్టెప్ 5: చిన్న మార్పు అంటే ఎంత చిన్నది

ఇది అందరూ అడిగేది, 0.1 చిన్నదా, 0.01 చిన్నదా అని. జవాబు ఆ అంకెలో లేదు, పక్క ఐగెన్‌వాల్యూ ఎంత దూరంలో ఉందో దాంట్లో ఉంది. మనం వదిలేసిన దాంట్లో మొదటి పదం రాస్తే ఇలా ఉంటుంది, i వ ఐగెన్‌వాల్యూకి, పొడవు 1 వెక్టర్లతో, మిగతా అన్ని k లకీ కలిపి:

```
Σ (vkᵀ E vi)² / (λi − λk)
```

పైన ఉన్నది E ఈ రెండు వెక్టర్లని ఎంత కలుపుతుందో చెప్పేది, కింద ఉన్నది వాటి మధ్య గ్యాప్. మన మొదటి కేసులో v1 కి v2 తో కలయిక సున్నా, v3 తో కలయిక −0.05, స్క్వేర్ 0.0025, గ్యాప్ 0.58579 − 3.41421 అంటే −2.82843. భాగిస్తే −0.00088. మనకి వచ్చిన తప్పు సరిగ్గా ఇంతే కదా! అన్ని వెక్టర్లూ చేతిలో ఉంటే ఈ పదం కూడా కలుపుకుంటే అంచనా ఇంకా బాగుపడుతుంది, లేకపోయినా కనీసం E సైజుని దగ్గరి గ్యాప్‌తో పోల్చి చూడండి. E గ్యాప్ కంటే బాగా చిన్నదైతే ధైర్యంగా ముందుకెళ్లండి.

గ్యాప్ చిన్నదైతే ఏమవుతుందో రెండు బుల్లి మ్యాట్రిక్స్‌లు చూపిస్తాయి. డయాగనల్ మీద 1, 3 ఉన్నాయి, బయట 0.1 పెట్టాం. ఫస్ట్ ఆర్డర్ మార్పు సున్నా అంటుంది, నిజంగా చిన్నది 0.99501 అవుతుంది, పర్లేదు, ఏదో 0.005 తేడా. ఇప్పుడు డయాగనల్ మీద 1, 1.02 పెట్టండి, బయట అదే 0.1. ఫస్ట్ ఆర్డర్ మళ్లీ సున్నా అంటుంది, నిజంగా అవి 0.9095, 1.1105 అయిపోతాయి. E ఒకటే, సూత్రం ఒకటే, కానీ 0.1 మార్పు 0.02 గ్యాప్ ముందు చాలా పెద్దది, పాత వెక్టర్లు రెండూ కలిసిపోయి పూర్తిగా వేరే దిక్కుకి తిరిగిపోయాయి.

ఐగెన్‌వాల్యూ రిపీట్ అయితే

గ్యాప్ సున్నా అయితే పై సూత్రం ఉన్నదున్నట్టు వాడకూడదు, కానీ ఒక చిన్న మార్పుతో వాడొచ్చు. మూడు దిమ్మెల్ని గోడలు లేకుండా త్రిభుజంలా ఒకదానికొకటి కడితే మ్యాట్రిక్స్ ఇలా ఉంటుంది, కదలిక ఒక దిక్కులోనే అనుకుందాం:

```
A = [  2  -1  -1 ]
    [ -1   2  -1 ]
    [ -1  -1   2 ]
```

ఐగెన్‌వాల్యూలు 0, 3, 3. ఇప్పుడు ఒకటో రెండో దిమ్మెల మధ్య స్ప్రింగుని 0.1 గట్టి చేద్దాం, అప్పుడు vᵀEv అంటే 0.1 × (v మొదటి కాంపొనెంట్ − రెండో కాంపొనెంట్)² అవుతుంది. 3 కి రెండు వెక్టర్లు కావాలి, నేను (1, 0, −1), (1, −2, 1) తీసుకున్నాను, రెండూ ఐగెన్‌వెక్టర్లే, ఒకదానికొకటి లంబంగానే ఉన్నాయి, తప్పు పట్టడానికేం లేదు. సూత్రం వేస్తే మొదటిదానికి 0.1 × 1 / 2 = 0.05, రెండోదానికి 0.1 × 9 / 6 = 0.15. అంటే 3.05, 3.15 రావాలి. అసలు జవాబు 3, 3.2! ట్రేస్ చెక్ చేస్తే కూడా దొరకదు, 0.05 + 0.15 అన్నా 0 + 0.2 అన్నా మొత్తం ఒకటే.

తప్పు ఎక్కడంటే, ఐగెన్‌వాల్యూ రిపీట్ అయినప్పుడు దాని వెక్టర్లు ఇవే అని ఫిక్స్‌గా ఉండవు, ఆ తలంలో ఏ లంబ జంట తీసుకున్నా చెల్లుతుంది, మార్పు వచ్చాక మాత్రం E తనకి నచ్చిన జంటని ఎంచుకుంటుంది, మనం ఎంచుకున్నది అది కాకపోవచ్చు. కంప్యూటర్ ఇచ్చేది కూడా అంతే, ఆ తలంలో ఏదో ఒక జంట.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. ఆ జంటకి పొడవు 1 చేసి, డయాగనల్ అంకెలు మాత్రమే కాకుండా ఒకదానితో ఒకటి కలిపిన u1ᵀEu2 కూడా కట్టండి. ఇక్కడ అది 0.1 × 1 × 3 / √12 = 0.0866. ఇప్పుడు ఒక చిన్న 2×2 మ్యాట్రిక్స్ రాయండి:

```
[ 0.05    0.0866 ]
[ 0.0866  0.15   ]
```

దీని ఐగెన్‌వాల్యూలే మనకి కావాల్సిన మార్పులు. ట్రేస్ 0.2, డిటర్మినెంట్ 0.0075 − 0.0075 = 0, అంటే 0, 0.2. అసలు జవాబుతో సరిగ్గా కలిసింది. ఐగెన్‌వాల్యూలు రిపీట్ కాకపోయినా పైన 1, 1.02 లాగా E ముందు గ్యాప్ చిన్నదైతే ఇదే పద్ధతి వాడండి, ఒకటే తేడా, ఆ చిన్న మ్యాట్రిక్స్ డయాగనల్‌కి ఆ రెండు పాత ఐగెన్‌వాల్యూల్ని కూడా కలిపి, మార్పులు కాకుండా నేరుగా కొత్త ఐగెన్‌వాల్యూలే తీసుకోవాలి.

E ఎంచుకున్న ఆ జంట ఏదో చూడాలనిపిస్తే ఆ 2×2 మ్యాట్రిక్స్ ఐగెన్‌వెక్టర్లతో పాత జంటని కలిపి చూడండి, (1, −1, 0), (1, 1, −2) వస్తాయి. మొదటి ఊపులో ఆ గట్టి చేసిన స్ప్రింగుకి రెండు చివర్లూ ఎదురెదురుగా లాగుతున్నాయి, మార్పు 0.2 అంతా దాని మీదే పడింది. రెండో ఊపులో ఆ రెండు దిమ్మెలు కలిసి ఒకే వైపు నడుస్తాయి, మధ్యలో స్ప్రింగు సాగదు, అందుకే ఆ 3 అక్కడే 3 గా ఉండిపోయింది.